తెర మీది ధర, పూల్‌లోని డబ్బు: మీమ్‌కాయిన్ పంప్‌లో చివరగా కొన్నవారి సొమ్ము ఎటు పోతుంది?

ప్రశ్న: “ఒక టెలిగ్రామ్ గ్రూపులో ‘ఇది కొనండి’ అని ఇచ్చిన కాల్ చూసి కొత్త మీమ్‌కాయిన్‌లో 1,000 డాలర్లు పెట్టాను. నేను కొనేసరికే ధర పదిహేను రెట్లు పెరిగి ఉంది, మార్కెట్ క్యాప్ 6 లక్షల డాలర్లు దాటిందని చూపించింది. కాసేపట్లోనే నా 1,000 కాస్తా 40 అయింది. లిక్విడిటీ లాక్ చేశారని ముందే చూసుకున్నాను కాబట్టి ఇది మోసం అనుకోలేదు. భయపడి అమ్మినవాళ్ల వల్లే పడిపోయిందని అడ్మిన్ అంటున్నారు. వీఐపీ గ్రూపులో చేరితే కాల్ ముందే వస్తుందట, పోయింది రాబట్టుకోవచ్చట. అసలు ఆ డబ్బు ఎక్కడికి పోయింది? వీఐపీలో చేరమంటారా?”

చేరవద్దు. మీ డబ్బు గాలిలో కలిసిపోలేదు. మీకంటే చాలా ముందు, చాలా తక్కువ ధరకు కొని పెట్టుకుని, మీరు కొంటున్న సమయంలో అమ్మినవారి వాలెట్లకు అది చేరింది. ఇది ఊహ కాదని మీరే లెక్క వేసి చూసుకోగలిగేలా చెప్పడానికి ప్రయత్నిస్తాను, ఎందుకంటే ఈ లెక్క ఒకసారి చేతికి వస్తే అడ్మిన్ చెప్పే మాటల్లో ఏది నిజమో వేరే ఎవరినీ అడగవలసిన అవసరం ఉండదు.

కొత్త మీమ్‌కాయిన్‌లలో ఎక్కువ భాగం వికేంద్రీకృత ఎక్స్ఛేంజీలలో, లిక్విడిటీ పూల్ ద్వారా చేతులు మారుతాయి. అక్కడ మీకు ఎదురుగా ఒక అమ్మకందారు ఉండడు. ఒక వైపు కాయిన్ టోకెన్లు, మరో వైపు డాలర్లలో విలువ కట్టగల మరో టోకెన్ ఉన్న నిధి ఒకటి ఉంటుంది. మీరు డాలర్లు వేసి టోకెన్లు తీసుకుంటారు, లేదా టోకెన్లు వేసి డాలర్లు తీసుకుంటారు. ఎంత వేస్తే ఎంత వస్తుందో ఒక సూత్రం నిర్ణయిస్తుంది. యూనిస్వాప్ రెండవ వెర్షన్ వంటి పూల్‌లలో అది ఇలా ఉంటుంది:

```
x × y = k
```

x అంటే పూల్‌లో ఉన్న టోకెన్లు, y అంటే పూల్‌లో ఉన్న డాలర్లు. ఎవరు కొన్నా, ఎవరు అమ్మినా ఈ రెండింటి లబ్ధం మారకూడదు. ఆ క్షణంలో తెర మీద కనిపించే ధర y ని x తో భాగిస్తే వచ్చే సంఖ్య. ప్రతి లావాదేవీకి చిన్న రుసుము ఉంటుంది, లెక్క తేలికగా సాగడం కోసం దానిని పక్కన పెడతాను.

మీరు చెప్పిన అంకెలకు దగ్గరగా ఉండే ఒక ఉదాహరణ తీసుకుందాం. నిర్వాహకులు 40 కోట్ల టోకెన్లు సృష్టించి, మొత్తాన్నీ 10,000 డాలర్లతో కలిపి పూల్‌లో పెట్టారనుకోండి. పూల్‌లో పెట్టిన ఆ నిధిని, అంటే లిక్విడిటీని, ఎవరూ వెనక్కి తీసుకోలేని విధంగా లాక్ కూడా చేశారు. గ్రూపులో ఇంకా ఒక్క మాట రాకముందే వారు వేర్వేరు వాలెట్లతో మరో 10,000 డాలర్ల టోకెన్లు కొన్నారు. లబ్ధం మారకూడదు కనుక పూల్‌లో ఇప్పుడు 20,000 డాలర్లు, 20 కోట్ల టోకెన్లు ఉంటాయి. మిగిలిన 20 కోట్ల టోకెన్లు వారి చేతిలో ఉన్నాయి. ధర 0.0001 డాలర్. గ్రూపులో కాల్ వచ్చేది ఈ క్షణంలోనే, కాబట్టి సభ్యులకు ఇదే ప్రారంభ ధరలా కనిపిస్తుంది.

కాల్ రాగానే మొదటి విడత సభ్యులు మొత్తం 20,000 డాలర్లు పెట్టారు. పూల్‌లో 40,000 డాలర్లు, 10 కోట్ల టోకెన్లు మిగిలాయి, అంటే వారికి 10 కోట్ల టోకెన్లు వచ్చాయి. ధర నాలుగు రెట్లయింది. ఆ చార్టు చిత్రాలు చూసి రెండవ విడత వారు 40,000 డాలర్లు పెట్టారు. పూల్‌లో ఇప్పుడు 80,000 డాలర్లు, 5 కోట్ల టోకెన్లు. ఈ విడత రెట్టింపు డబ్బు పెట్టి కూడా మొదటి విడతలో సగం టోకెన్లే పొందింది. ధర 0.0016 డాలర్లు, అంటే కాల్ నాటికి పదహారు రెట్లు. 40 కోట్ల టోకెన్లను ఈ ధరతో హెచ్చిస్తే మార్కెట్ క్యాప్ 6,40,000 డాలర్లని తెర చూపిస్తుంది.

మీరు నిలబడింది ఇక్కడ. ఈ రెండవ విడతలో చిట్టచివరి 1,000 డాలర్లు మీవి అనుకుంటే, మీకు దాదాపు 6,33,000 టోకెన్లు వచ్చి ఉంటాయి.

ఇప్పుడు నిర్వాహకులు తమ 20 కోట్ల టోకెన్లనూ పూల్‌లో వేస్తారు. పూల్‌లో టోకెన్లు 25 కోట్లవుతాయి, లబ్ధం అలాగే ఉండాలంటే డాలర్లు 16,000కు తగ్గాలి. అంటే 64,000 డాలర్లు వారి వాలెట్లకు పోయాయి. ధర 0.000064కు, శిఖరం నుండి 96 శాతం కిందికి పడింది. మీ 6,33,000 టోకెన్ల విలువ 40 డాలర్లు. నిర్వాహకుల లాభం 54,000 డాలర్లు. ఆ తరువాత సభ్యులందరూ కలిసి తమ 15 కోట్ల టోకెన్లనూ అమ్మేస్తే పూల్ తిరిగి మొదటి స్థితికి, అంటే 40 కోట్ల టోకెన్లు, 10,000 డాలర్లకు వస్తుంది. సభ్యులు పెట్టిన 60,000లో వెనక్కి వచ్చేది 6,000. వారి నష్టం 54,000. ఒక పక్క లాభం, మరో పక్క నష్టం డాలరుకు డాలరు సరిపోయాయని గమనించండి. ఈ నాణెం వెనుక ఆదాయం తెచ్చే వ్యాపారం ఏదీ లేదు కనుక, ఒకరు తీసుకునే ప్రతి డాలరూ మరొకరు పెట్టినదే అయి ఉండాలి.

ఈ ఉదాహరణలో లిక్విడిటీ మొదటి నుండి చివరి వరకు లాక్ అయ్యే ఉంది. కొత్త టోకెన్లను ఎవరూ ముద్రించలేదు. ఎవరి వాలెట్‌నూ స్తంభింపజేయలేదు. భద్రతను పరీక్షించే సైట్లలో ఈ కాయిన్‌కు అన్నీ పచ్చటి గుర్తులే రావచ్చు. లిక్విడిటీ లాక్ అనేది పూల్ పెట్టినవారు పూల్‌నే ఎత్తుకుపోకుండా ఆపుతుంది, అంతే. టోకెన్లు చేతిలో ఉన్నవారు వాటిని అమ్మి పూల్‌లోని డాలర్లను తీసుకుపోవడాన్ని అది ఆపదు, ఆపలేదు కూడా, ఎందుకంటే పూల్ ఉన్నదే అందుకు. మీరు ముందుగా చూసుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ తనిఖీ జవాబిచ్చే ప్రశ్న వేరు, మీకు నష్టం తెచ్చిన కారణం వేరు. ఇలాంటి గ్రూపులు ఆ పచ్చటి గుర్తులను పదే పదే పోస్టు చేయడం నన్ను అన్నిటికంటే ఎక్కువగా బాధిస్తుంది, ఎందుకంటే జాగ్రత్తగా ఉందామనుకున్నవారినే అవి లోపలికి లాగుతాయి.

అందరినీ తప్పుదోవ పట్టించే మరో సంఖ్య మార్కెట్ క్యాప్. పై ఉదాహరణలో అది 6,40,000 డాలర్లన్నప్పుడు పూల్‌లో ఉన్నది 80,000 మాత్రమే. పూల్ బయట అందరి చేతుల్లో కలిపి ఉన్న 35 కోట్ల టోకెన్ల విలువను వాలెట్లు 5,60,000 డాలర్లుగా చూపిస్తాయి, కానీ వాటన్నిటినీ అమ్మితే వచ్చేది 70,000. అంటే తెర మీద కనిపించే ప్రతి ఎనిమిది డాలర్లలో ఒక్కటే నిజంగా చేతికి రాగలదు, అదీ ముందు అమ్మినవారికే. పలుచని మార్కెట్ అంటే ఇదే. కొద్దిపాటి డబ్బు ధరను ఎంత తేలికగా పైకి నెట్టగలదో, కొద్దిపాటి అమ్మకం అంతే తేలికగా దానిని కూలుస్తుంది. పైకి వెళ్లేటప్పుడు ఆ తేలికదనమే ఆకర్షణలా కనిపిస్తుంది.

ఇక అడ్మిన్ చెప్పిన మాటకు వద్దాం. అమ్మకాల వల్ల ధర పడిందన్నది అక్షరాలా నిజమే, కానీ ఎవరి అమ్మకాలు అన్నదే ఆయన చెప్పని సంగతి. నిర్వాహకుల 20 కోట్ల టోకెన్లలో మొదటి 5 కోట్లు అమ్మగానే పూల్ 80,000 నుండి 40,000కు వస్తుంది. అంటే నాలుగవ వంతు టోకెన్లతోనే వారికి 40,000 డాలర్లు దక్కాయి, మిగిలిన మూడు వంతులకూ కలిపి వచ్చింది 24,000. ముందు అమ్మడం, తరువాత అమ్మడం మధ్య ఉన్న తేడా ఇంత తీవ్రంగా ఉన్నప్పుడు, సభ్యులు అమ్మకుండా ఉండటం నిర్వాహకులకు అత్యంత అవసరం. ‘గట్టిగా పట్టుకోండి, భయపడకండి, ఇంకా వంద రెట్లుంది’ అనే మాటలు సరిగ్గా ఆ నిమిషాల్లోనే ఎందుకు వెల్లువెత్తుతాయో ఈ లెక్క చెబుతుంది. మొదటి విడత సభ్యులు శిఖరం వద్ద నిర్వాహకులకంటే ముందు తమ 10 కోట్ల టోకెన్లను అమ్మగలిగితే 53,000 డాలర్లకు పైగా వారికే పోతుంది, నిర్వాహకులకు దాదాపు 15,000 మాత్రమే మిగులుతుంది. కాబట్టి అనుభవం ఉన్న నిర్వాహకులు శిఖరం కోసం వేచి ఉండరు. ధర పైకి పోతున్నప్పుడే, సభ్యుల కొనుగోళ్ల మధ్య చిన్న చిన్న ముక్కలుగా అమ్ముతూ పోతారు. నేను ఒకే కుప్పగా చూపించింది లెక్క అర్థం కావడానికి మాత్రమే.

ఇది జరుగుతుండగా పట్టుకోవడానికి ఒక సూచన ఉంది. లావాదేవీల జాబితాలో కొనుగోళ్లు అదే వేగంతో వస్తున్నా ధర పెరగడం ఆగిపోతే, వచ్చిన డబ్బంతటినీ ఎవరో అదే వేగంతో బయటకు తీస్తున్నారని అర్థం. ఎన్నో చిన్న కొనుగోళ్లు, కొన్నే వాలెట్ల నుండి పెద్ద అమ్మకాలు కనిపిస్తాయి. అయితే ఆ దశలో గుర్తించినవారికి కూడా తప్పించుకునే వ్యవధి చాలా తక్కువ, ఎందుకంటే తమంతట తామే లావాదేవీలు చేసే ప్రోగ్రాములు, అంటే బాట్‌లు, మనిషి వేలు కదిలేలోపు అమ్మేస్తాయి.

జరిగిన లావాదేవీల మొత్తం పరిమాణాన్ని, అంటే వాల్యూమ్‌ను చూసి ధైర్యం తెచ్చుకోవడం కూడా సురక్షితం కాదు. ఒకే వ్యక్తి తన రెండు వాలెట్ల మధ్య కొని అమ్ముతూ ఉంటే వాల్యూమ్ పెరుగుతుంది, ఆసక్తి ఉన్నట్లు భ్రమ కలుగుతుంది. దీనినే వాష్ ట్రేడింగ్ అంటారు, దీనిని రుసుము తీసుకుని సేవగా అమ్మే సంస్థలు ఉన్నాయి. అమెరికా దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ ఇలాంటివారిని పట్టుకోవడానికి నెక్స్‌ఫండ్‌ఏఐ అనే సొంత టోకెన్‌నే సృష్టించింది. 2024 అక్టోబరులో మసాచుసెట్స్‌లోని ప్రాసిక్యూటర్లు 18 మంది వ్యక్తులు, సంస్థలపై అభియోగాలు ప్రకటించినప్పుడు ఆ సంగతి బయటపడింది. కొత్త కాయిన్‌లో మీరు చూసే వాల్యూమ్ పట్టీలో ఎంత భాగం మనుషులదో మీరు తెలుసుకునే మార్గం లేదు.

ఒక సంస్థ నడిపే కేంద్రీకృత ఎక్స్ఛేంజీలలో చిన్న కాయిన్‌లను పంప్ చేసే, అంటే వాటి ధరను కృత్రిమంగా పైకి నెట్టే గ్రూపులదీ ఇదే పని. అక్కడ పూల్ స్థానంలో ఎవరు ఏ ధరకు కొంటారో, అమ్ముతారో చూపే ఆర్డర్ బుక్ ఉంటుంది, నిర్వాహకులు ముందే కొనుక్కుని, పై ధరల వద్ద మెట్లు మెట్లుగా అమ్మకపు ఆర్డర్లు పెట్టి ఉంచి, ఆ తరువాత కాయిన్ పేరు ప్రకటిస్తారు. సభ్యులు పోటీపడి కొనేది ఆ ఆర్డర్లనే.

పెద్ద పేరు వెనుక ఉన్నంత మాత్రాన ఈ నిర్మాణం మారదు. 2025 ఫిబ్రవరి 14న అర్జెంటీనా అధ్యక్షుడు హవియెర్ మిలే లిబ్రా అనే టోకెన్ గురించి తన ఖాతాలో పోస్టు పెట్టారు. కొద్ది గంటల్లో దాని మార్కెట్ క్యాప్ 400 కోట్ల డాలర్లు దాటినట్లు తెరలు చూపించాయి. పూల్‌ల నుండి అంతర్గత వాలెట్లు పెద్ద మొత్తాలను తీసుకుపోవడంతో అదే రాత్రి ధర 90 శాతానికి పైగా కూలింది, ఆయన పోస్టును తొలగించారు. అక్కడ సున్నాలు ఎక్కువ, చివరగా వచ్చినవారి పరిస్థితి మాత్రం మీదే.

మరి కొనే ముందు ఏమి చూడవచ్చు? నా అభిప్రాయంలో అన్నిటికంటే ఉపయోగపడేది పూల్‌లో డాలర్ వైపు ఎంత ఉందో చూసి, దానిని మార్కెట్ క్యాప్‌తో పోల్చడం. కొన్ని సైట్లు లిక్విడిటీ అని చూపించే అంకెలో పూల్‌లోని టోకెన్ల విలువను కూడా కలుపుతాయి, కాబట్టి అసలు డాలర్లు అందులో సగమే ఉంటాయన్నది గుర్తుంచుకోండి. మన ఉదాహరణలో ఆ అంకె 1,60,000 అని కనిపించేది. ఆ తరువాత హోల్డర్ల జాబితాలో ముందున్న వాలెట్లు ఎప్పుడు కొన్నాయో, వాటికి మొదటి డబ్బు ఎక్కడి నుండి వచ్చిందో చూడండి. కాల్‌కు ముందే కొన్న పది వాలెట్లకు ఒకే చోటు నుండి డబ్బు వచ్చి ఉంటే అవి పది మందివి కావు. నిర్వాహకులు ఎక్స్ఛేంజీల ద్వారా డబ్బు తిప్పి ఈ ఆనవాలును చెరిపేయగలరు కనుక, ఏమీ దొరకలేదంటే ఏమీ లేదని అర్థం కాదు. ఆ వాలెట్లన్నీ కలిపి అమ్మితే పూల్‌లో ఎంత మిగులుతుందో పైన చెప్పిన పద్ధతిలో మీరే గుణించి చూడండి. వారి టోకెన్లు పూల్‌లోని టోకెన్లకు నాలుగు రెట్లుంటే, మన ఉదాహరణలో లాగానే, పూల్‌లోని ప్రతి ఐదు డాలర్లలో నాలుగు వారివే, ఎప్పుడు తీసుకుంటారన్నదే మిగిలిన ప్రశ్న.

కొన్ని కాయిన్‌లలో ఇంత లెక్క కూడా అవసరం లేదు, అమ్మకమే సాధ్యం కాని విధంగా కాయిన్‌ను నడిపే కోడ్, అంటే కాంట్రాక్టు, రాసి ఉంటుంది. 2021 నవంబరు 1న 2,800 డాలర్లు దాటి, నిమిషాల్లో సున్నాకు దగ్గరగా కూలిన స్క్విడ్ టోకెన్‌ను కొన్నవారిలో చాలామంది దానిని అమ్మలేకపోయారు. కొద్ది మొత్తం కొని వెంటనే అమ్మి చూస్తే ఇలాంటివి తరచుగా బయటపడతాయి, అయితే అమ్మకాన్ని తరువాత ఎప్పుడైనా ఆపే మీట కాంట్రాక్టులో ఉంటే ఆ పరీక్ష కూడా చాలదు.

వీఐపీ విషయం ఈ లెక్కతోనే తేలిపోతుంది. మీరు డబ్బు కట్టి చేరితే మహా అయితే మొదటి విడత సభ్యులలో ఒకరవుతారు. ఆ విడత నాలుగవ వంతు కంటే తక్కువే వెనక్కి తెచ్చుకుంది. నిర్వాహకులు అమ్మిన వెంటనే, రెండవ విడతకంటే ముందు వారు అమ్మినా 20,000కు వచ్చేది దాదాపు 4,570. లాభం రావాలంటే నిర్వాహకులకంటే ముందు అమ్మాలి. ఎప్పుడు అమ్మాలో నిర్ణయించేది, కాల్ ఎప్పుడు ఇవ్వాలో నిర్ణయించేది వారే అయినప్పుడు, ఆ పోటీలో మీరు నెగ్గడానికి వారు అవకాశం ఇవ్వరు. వీఐపీ పైన మరో అంతస్తు ఉందో లేదో కూడా మీకు తెలియదు. ఒకవేళ ఎప్పుడైనా మీరు నిజంగానే ముందు అమ్మగలిగితే ఆ లాభం ఈ రోజు మీరున్న స్థానంలో రేపు ఉండబోయే ఇంకొకరి 1,000 డాలర్ల నుండే వస్తుంది. అంతేకాక, తెలిసి ఇటువంటి సమన్వయంలో పాల్గొనడం చాలా దేశాల చట్టాల ప్రకారం మార్కెట్ మోసం కిందికి రావచ్చు.

మిగిలిన 40 డాలర్ల టోకెన్లను అమ్మాలో వద్దో ఎక్కువగా ఆలోచించవలసిన పని లేదు. ఈ పూల్‌లో ధర మళ్లీ 0.0016కు చేరాలంటే మరో 64,000 డాలర్ల కొత్త డబ్బు రావాలి, అది ఎక్కడి నుండి వస్తుందో చెప్పగలవారు ఎవరూ లేరు. లావాదేవీ రుసుము పోను ఏమైనా మిగులుతుందనుకుంటే అమ్మండి. గ్రూపులోని సందేశాలను, అడ్మిన్ ఖాతా పేరును, మీ లావాదేవీ సంఖ్యను వారు గ్రూపును చెరిపేసేలోపు భద్రపరచి, మీ దేశంలో సైబర్ నేరాలను చూసే విభాగానికి ఫిర్యాదు చేయండి. డబ్బు తిరిగి రావడం అరుదు, కానీ ఒకే వాలెట్ మీద అనేక ఫిర్యాదులు చేరినప్పుడే దర్యాప్తుకు ఆధారం దొరుకుతుంది. రానున్న రోజుల్లో ‘పోయిన డబ్బు రాబట్టి ఇస్తాం’ అంటూ మీకు సందేశాలు వచ్చే అవకాశం ఎక్కువ, ఎందుకంటే నష్టపోయినవారి వాలెట్లు బ్లాక్‌చెయిన్ మీద అందరికీ కనిపిస్తాయి, గ్రూపు సభ్యుల జాబితా కూడా చేతులు మారుతుంది. వారు ముందుగా రుసుము అడిగినా, వాపసు కోసం ఏదో సైటుకు వాలెట్ కలపమన్నా, రికవరీ పదాలు చెప్పమన్నా జవాబు ఇవ్వకుండా బ్లాక్ చేయండి.